రెండించుల నీళ్లు: ఒక పాత విద్యార్థినికి రాసిన ఉత్తరం

(అనంతపురం ప్రాంతంలోని ఒక గ్రామ పాఠశాలలో, పూర్వ విద్యార్థుల సమావేశంలో విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నన్ను మాట్లాడమన్నారు కానీ, నేను ప్రసంగం రాసుకుని రాలేదు. రాసుకున్నది ఒక ఉత్తరం. ఇంకా పోస్టు చేయలేదు. ఈ బడిలో నా దగ్గర చదువుకుని, ఇప్పుడు భూగర్భ జలాల పనిలో వేరే రాష్ట్రంలో ఉన్న అమ్మాయికి రాసింది. ఆమె పేరు ఇక్కడ చెప్పను. మీలో సగం మందికి ఎలాగూ తెలుసు, ఆమె నాన్నగారు మూడో వరుసలో కూర్చున్నారు.

ఒకరికి రాసిన ఉత్తరాన్ని ఇంతమంది ముందు చదవడం మర్యాద కాదు. అయినా చదవక తప్పదు, ఎందుకంటే మీ బోర్లను, మీ పొలాలను, మీ పిల్లల ఆదివారాలను మిమ్మల్ని అడగకుండానే ఆ ఉత్తరంలో వాడుకున్నాను. (నవ్వులు) మీరు వద్దంటే ఆ భాగం కొట్టేసి పంపుతాను. అందుకే ముందు మీకు వినిపిస్తున్నాను. మధ్యమధ్యలో ఆగి నా మాటలు కలుపుతాను. నలభై ఏళ్లు బల్లల ముందు నిలబడినవాడిని, కాగితం చదువుకుంటూ పోవడం నాకు చేతకాదు.

ఇక చదువుతున్నాను.

“అమ్మాయీ, ఆశీస్సులు. ముందుగా నీకు ఒక బాకీ తీర్చాలి. తొమ్మిదో తరగతిలో ఒక సోమవారం నువ్వు నా బల్ల దగ్గరికి వచ్చి, ‘సార్, రెండించుల నీళ్లంటే ఒకించు నీళ్లకు రెండింతలేనా?’ అని అడిగావు. అవునన్నాను. నువ్వు కదలలేదు. మీ బోరులో ఒకించు నీళ్లు పడ్డాయని, పక్క చేనువాళ్లకు రెండించులు పడ్డాయని, వాళ్ల పైపు కూడా మీ తొట్టిలోకే పెట్టి చూశానని చెప్పావు. మీ బోరుకు తొట్టి నిండటానికి ఐదు గంటల ముప్పావు పట్టింది. వాళ్ల బోరుకు గంటా ఐదు నిమిషాలు పట్టింది. ‘రెండింతలైతే వాళ్లకు మూడు గంటలు పట్టాలి కదా సార్’ అన్నావు. నేను నీ నోటు పుస్తకం కూడా చూడకుండా, ‘నువ్వు కొలవడంలో తప్పు చేశావు’ అని పంపేశాను.

తప్పు నాది. ఈ విషయం నేను పదవీ విరమణ చేసిన నాలుగేళ్లకు తెలుసుకున్నాను.”

ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ సభలో బోరు వేయించని ఇల్లు లేదు. రిగ్గు బండి వాళ్లు బోరు పూర్తయ్యాక ఏం చేస్తారో మీరంతా చూశారు. పైకి ఎగజిమ్మే నీళ్లను మట్టితో కట్టిన చిన్న కాలువలోకి మళ్లించి, దానికి అడ్డంగా ఒక రేకు పలక పెడతారు. ఆ పలకకు పైభాగంలో ఇంగ్లీషు వి అక్షరంలాంటి గాటు ఉంటుంది. నీళ్లు ఆ గాటులోంచి పారతాయి. గాటు అడుగు మొన నుంచి నీటి మట్టం ఎంత ఎత్తు ఉందో స్కేలు పెట్టి చూసి, ‘రెండించులు పడ్డాయండీ’ అంటారు. అంటే ఆ ఇంచు నీటి ఎత్తుకు కొలత. నీళ్లు ఎన్ని వస్తున్నాయన్నది వేరే లెక్క.

గాటు త్రిభుజం కదా. ఎత్తు రెండింతలైతే పైన వెడల్పు కూడా రెండింతలవుతుంది. అప్పుడు నీళ్లు పారే జాగా రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఇది మీకు ఎనిమిదో తరగతిలో చెప్పిన త్రిభుజ వైశాల్యమే. అక్కడితో అయిపోలేదు. ఎత్తు పెరిగితే నీళ్లు దూకే వేగం కూడా పెరుగుతుంది. ఎత్తు రెండింతలైతే వేగం రెండు వర్గమూలమంత, అంటే సుమారు ఒకటీ పాయింట్ నాలుగు రెట్లు అవుతుంది. నాలుగును ఒకటీ పాయింట్ నాలుగుతో గుణించండి. ఐదున్నర దాటుతుంది. లీటర్లలో చెప్పాలంటే, గాటు సరిగ్గా తొంభై డిగ్రీలదైతే ఒకించు నీళ్లు గంటకు 500 లీటర్ల పైచిలుకు. రెండించులు గంటకు 2,900 లీటర్ల దాకా. మూడించులైతే దాదాపు 8,000 లీటర్లు.

ఆ అమ్మాయి లెక్క ఐదింతలు దాటి వచ్చింది. గడియారం, తొట్టి తప్ప ఆమె చేతిలో మరే పరికరమూ లేదు. నా దగ్గర డిగ్రీ ఉంది. ఎవరు సరిగ్గా చెప్పారో చూడండి.

మరో మాట. పైపు నిండా వస్తున్నాయా సగమే వస్తున్నాయా అని కంటితో చూసి కొందరు చెప్పే ఇంచులు వేరు. వాటికీ ఈ లెక్కకూ సంబంధం లేదు. పైగా రిగ్గు బండి గాలి కొట్టిన రోజున వచ్చే నీళ్లు, ఆరు నెలల తర్వాత మోటారుకు అందే నీళ్లు ఒకటి కావు. కాబట్టి పాత ఇంచుల మీద ఇప్పటి పంట లెక్క వేయకూడదు. ఉత్తరంలో తర్వాతి భాగం అదే.

“నీతో కలిసి ఒక పని మొదలుపెట్టాలని ఉంది. దానికి బడి అని పేరు పెట్టను. బడి అనగానే నాలాంటివాడు బల్ల మీద కూర్చుని అవునని, కాదని తీర్పులు చెబుతాడు. నేను అనుకుంటున్నది ఇది. ఊళ్లో పదిహేను బోర్లు, రెండు పాత మోట బావులు, ఒక వాన కొలిచే సీసా. పిల్లలు, రైతులు, ఆడవాళ్లు కలిసి పదిహేను రోజులకొకసారి కొలుస్తారు. కొలిచిన అంకెలు రచ్చబండ పక్క గోడ మీద రాస్తారు. అక్టోబరు నెలలో అందరూ కూర్చుని, రబీలో ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేస్తే నీళ్లు సరిపోతాయో లెక్క వేస్తారు. ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వరు.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదని నీకు నాకంటే బాగా తెలుసు.”

అవును, ఆ ఆలోచన నాది కాదు. 2003 ప్రాంతంలో మొదలై కొన్నేళ్లపాటు ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాల్లో, మన అనంతపురంతో సహా, ఇలాంటి పని పెద్ద ఎత్తున జరిగింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బిచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనక ఉంది. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, గోడల మీద రాశారు, పంటల ముందు నీటి లెక్క వేశారు. పంట మార్చుకున్నందుకు రైతుకు నగదు ఇవ్వలేదు, ఫలానా పంట వేయకూడదని ఆంక్షా పెట్టలేదు. లెక్క చూసి ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. నాకు అందులో నచ్చినది అదే. పక్క మండలంలో ఒక ఊరికి వెళ్తే అప్పటి గోడ బోర్డు ఇంకా కనిపిస్తుంది. గళ్లు ఉన్నాయి, అంకెలు వెలిసిపోయాయి. ఉత్తరం చివర్లో ఆ అమ్మాయిని నేను అడిగే ప్రశ్నలు ఆ బోర్డు ముందు నిలబడినప్పుడు పుట్టినవే.

ఈ ఏడాది నేను ఐదుగురు పిల్లలను వెంటేసుకుని చిన్నగా మొదలుపెట్టాను. ఎక్కడెక్కడ బోల్తా పడ్డామో ఉత్తరంలో దాచకుండా రాశాను. వినండి.

“మొదట వాన. నిలువుగా ఒకే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులు చేసి గరాటులా పెట్టాం. అడుగున గుంటలు ఉంటాయి కాబట్టి చిన్న గులకరాళ్లు వేసి, సున్నా గీత దాకా నీళ్లు పోసి, అక్కడి నుంచి మిల్లీమీటర్లు గీశాం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూస్తాం, వాతావరణ శాఖ వాళ్లు చూసే వేళ అదే. జూలైలో మా సీసాలో ఎప్పుడూ ఊరందరూ చెప్పుకునేదానికంటే తక్కువ వాన పడేది. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు కనిపెట్టాడు. సీసాను మేకలు తోస్తాయని వేపచెట్టు కిందికి జరిపింది నేనే. చెట్టు కానీ గోడ కానీ ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. ఇప్పుడు బడి మైదానం మధ్యలో కంచె వేసి పెట్టాం.

మిల్లీమీటరు అంటే రైతుకు ఏమీ తోచదు. అందుకని ఒక లెక్క కట్టుకున్నాం. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే ఎకరానికి 80,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఆ మాట చెప్పిన రోజు నుంచి మా ఇంటి పక్క పెద్దాయన వాన పడగానే ‘ఎన్ని ట్యాంకర్లు సారూ?’ అని అడుగుతున్నాడు.”

ఆయన ఇక్కడే ఉన్నారు. నిన్నటి వాన రెండు ట్యాంకర్లేనండీ. (నవ్వులు)

“తర్వాత బోరులో నీటి మట్టం. పాత బావిలో సులువు. తాడుకు రాయి కట్టి, అడుగుకొక ముడి వేసి దించుతాం. చదవడం రానివాళ్లు కూడా తడి ముడులు వదిలేసి పొడి ముడులు లెక్కపెడతారు. బోరులో అది కుదరదు. రెండు తీగల చివర నీళ్లు తగలగానే పైన బజరు మోగేలా, టార్చి బ్యాటరీతో ఒక పరికరం నీ క్లాసుమేటు, ఆ మోటారు మెకానిక్కు, చేసి ఇచ్చాడు. ఖర్చు నాలుగైదు వందలు. తీగ మీద మీటరుకొక పట్టీ చుట్టాం.

సెప్టెంబరు మొదటివారంలో ఒక బోరులో 38 మీటర్ల దగ్గర మోగింది. పదిహేను రోజుల తర్వాత 52 దగ్గర మోగింది. మధ్యలో మంచి వాన పడింది. నీళ్లు పెరగాలి కదా, పద్నాలుగు మీటర్లు ఎలా పడిపోయాయి? పిల్లలు భయపడ్డారు, రైతు ఇంకా భయపడ్డాడు. నేను నలభై ఏళ్ల అలవాటు ప్రకారం ‘కొలవడంలో తప్పు’ అనబోయి నాలుక కరుచుకున్నాను. మళ్లీ దించాం. మళ్లీ 52. గంట ఆగి దించితే 45. మరో రెండు గంటలకు 39. అప్పుడు అర్థమైంది. మేం వెళ్లడానికి పది నిమిషాల ముందే రైతు మోటారు ఆపాడు. మోటారు తోడుతున్నంతసేపు బోరులో నీళ్లు కిందికి దిగి ఉంటాయి, ఆపాక చుట్టుపక్కల రాతి చీలికల్లోంచి మెల్లగా ఊరుతూ పైకి వస్తాయి. మేం మొదటిసారి కొలిచింది తెల్లవారుజామున, కరెంటు రాకముందు. రెండోసారి కొలిచింది మోటారు ఆపిన వెంటనే. రెండూ నిజమే, కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టకూడదు. ఇప్పుడు కరెంటు రాకముందే కొలుస్తున్నాం.

తీగ రెండుసార్లు ఇరుక్కుంది. బోరు లోపల మోటారు పైపు, కరెంటు కేబులు ఉంటాయి, వాటికి కట్టిన తాళ్లలో తగులుకుంటుంది. మోటారు బయటికి తీసినప్పుడు, మళ్లీ దించేటప్పుడు పైపు పక్కనే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి దించితే, ఆపైన తీగ అందులోంచి ఎప్పుడైనా హాయిగా దిగుతుంది. మోటారు తీసే రోజు ఎప్పుడొస్తుందో మెకానిక్కుకే ముందు తెలుస్తుంది కాబట్టి, అతణ్ని కూడా ఇందులో కలుపుకొన్నాం.”

ఉత్తరంలో లేని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎండిపోయి వదిలేసిన బోర్లు కొలతకు బాగా పనికొస్తాయి, వాటిలో మోటారు అడ్డం ఉండదు, ఎవరూ తోడరు. కానీ మూత లేని బోరు దగ్గరికి నేను ఒక్క పిల్లవాణ్ని కూడా పంపను. మీ పొలంలో అలాంటిది ఉంటే రేపే ఇనుప మూత వేయించండి. ఆ తర్వాతే కొలత.

ఇక అసలు లెక్క. దీనికే ఉత్తరంలో ఎక్కువ చోటు ఇచ్చాను.

“నీ తొట్టి పద్ధతే మళ్లీ పట్టుకున్నాను. రెండు వందల లీటర్ల డ్రమ్ము, ఫోనులో గడియారం. ఒక బోరుకు డ్రమ్ము నిండటానికి వంద సెకన్లు పట్టింది. సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200. రోజుకు ఏడు గంటలు తోడితే 50,400 లీటర్లు. ఎకరానికి మిల్లీమీటరు 4,000 లీటర్లు కాబట్టి, ఈ బోరు రోజూ ఒక ఎకరానికి పన్నెండున్నర మిల్లీమీటర్ల నీళ్లు ఇస్తుంది. వరి మడికి, నేలలోకి దిగిపోయేది కూడా కలుపుకొంటే రోజుకు పది మిల్లీమీటర్లయినా కావాలి. అంటే ఆ బోరు కింద వరి ఎకరం, మహా అయితే ఎకరం కాలు. వేరుశనగకు ఎండలు ముదిరినప్పుడు రోజుకు ఐదు చాలు. అదే బోరు కింద వేరుశనగ రెండున్నర ఎకరాలు. ఆ రైతు రెండెకరాల వరి వేసి, చివర్లో ఒకటిన్నర ఎకరం ఎండబెట్టుకున్న సంవత్సరాలు ఉన్నాయి. అతను లెక్క విని, ‘ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే’ అనలేదు. ‘ఇంకోసారి కొలవండి’ అన్నాడు. కొలిచాం. నూట నాలుగు సెకన్లు.

ఊరంతటి లెక్కకు నేను ఎకరా మిల్లీమీటరునే కొలతగా పెట్టుకున్నాను. లీటర్లలో చెబితే సున్నాలు ఎక్కువై పిల్లలు తడబడతారు. మన వాగుకు నీళ్లు చేరే నేల సుమారు 1,000 ఎకరాలు. మన ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడిది గట్టి గ్రానైటు నేల. పడిన దానిలో నూటికి పది పాళ్లు భూమిలోకి దిగుతాయని అనుకున్నాను. అంటే 55 మిల్లీమీటర్లు. వెయ్యి ఎకరాలకు 55,000 ఎకరా మిల్లీమీటర్లు. మన ఆదాయం ఇంతే.

ఖర్చు. వెయ్యి మంది జనానికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 5,000. నిరుడు రబీలో బోర్ల కింద వరి ముప్పై ఎకరాలు. పంట కాలంలో ఎకరానికి 1,200 మిల్లీమీటర్లు వేసుకుంటే 36,000. వేరుశనగ అరవై ఎకరాలు, ఐదు వందల చొప్పున 30,000. మొత్తం 71,000. ఆదాయం కంటే 16,000 ఎక్కువ. ఆ 16,000 ఎక్కడి నుంచి వచ్చాయి? వెనకటి ఏళ్లలో దాచిన నీళ్లలోంచి వచ్చాయి. అందుకే బోర్లు ఏటా లోతు అడుగుతున్నాయి.

ముప్పై ఎకరాల వరిలో ఇరవై ఎకరాలు వేరుశనగకు మారితే? వరి 12,000, వేరుశనగ 40,000, తాగునీళ్లు 5,000, మొత్తం 57,000. ఇంకా 2,000 తక్కువే. అంకెలు ఎంత ముచ్చటగా సర్దినా సమానం కాలేదు. ఆ మిగిలిన రెండు వేలను సమానం చేసి చూపడానికి నాకు చేయి రాలేదు, ఎందుకంటే నూటికి పది అన్నది నా ఊహ. అది నూటికి తొమ్మిదైతే ఆదాయంలో 5,500 తగ్గిపోతుంది.”

ఇక్కడ కొందరు గుసగుసలాడుతున్నారు, నాకు వినిపిస్తోంది. మార్చుకోవలసిన ఇరవై ఎకరాలు ఎవరివి అని కదా? ఆ ప్రశ్న ఉత్తరంలో ఉంది, వస్తున్నాను. ముందు ఆ ఊహను ఎలా సరిచూసుకోవచ్చో చెబుతాను, ఇది నాకు చాలా నచ్చిన లెక్క.

గ్రానైటు నేలలో నీళ్లు ఉండే ఖాళీ చాలా తక్కువ. పై పొరలో రాయి కుళ్లి మట్టయిన చోట కూడా, తోడితే బయటికి వచ్చే నీళ్లు నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూగా ఉంటాయి. బావిలో మనకు కనిపించేది నిండు నీళ్లు. కానీ చుట్టూ ఉన్న నేలలో నూరు లీటర్ల జాగాలో నీళ్లు రెండు లీటర్లే. అందుకే యాభై మిల్లీమీటర్ల నీళ్లు లోపలికి దిగితే బావిలో మట్టం రెండున్నర మీటర్లు లేస్తుంది. మనం ‘అబ్బ, ఎనిమిది అడుగులు పెరిగాయి’ అని సంబరపడి ఇంకో మడి నారు పోస్తాం. పెరిగింది చేతి వేలంత నీరు. మోట బావిలో జూన్ మొదట్లో 14 మీటర్ల దగ్గర ఉన్న నీళ్లు నవంబరుకు 11.5 దగ్గరికి వచ్చాయి. రెండున్నర మీటర్లలో నూటికి రెండు పాళ్లు అంటే యాభై మిల్లీమీటర్లు. నా ఊహ యాభై ఐదు. దగ్గరలోనే ఉంది. అయితే ఆ ఐదు నెలల్లో చుట్టుపక్కల తోడిన నీళ్లు ఇందులో కలవలేదు, పైగా ఆ రెండు పాళ్లన్నది మన ఊరి రాతికి ఎంతవరకు సరిపోతుందో నేను కొలవలేదు. ఒకే బావి. దీని మీద ఊరి పంటలు మార్చమని అడగను.

మళ్లీ ఉత్తరానికి వస్తాను. చివరి భాగం.

“నాకు తెలిసింది ఇంతే. ఇక నీ నుంచి కావలసింది. నేను రాసిందానికి ‘బాగుంది సార్’ అని జవాబు రాయకు. నాకు కొత్త ఆలోచనలు కావాలి. నాలుగు ప్రశ్నల దగ్గర నాకు దారి తెలియడం లేదు.

ఒకటి. వరి మడిలో పోసిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది కదా. అది ఖర్చు కిందికి వస్తుందా, తిరిగి వచ్చిన ఆదాయమా? దాన్ని కలిపితే వరి మీద నేను మోపిన నేరం కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో పిల్లలు కొలిచి తేల్చే ఉపాయం చెప్పు. పుస్తకంలో అంకె వద్దు, నాకు అది దొరుకుతుంది. మడిలో పెట్టి చూసే పద్ధతి కావాలి.

రెండు. గోడ మీద బోరు పక్కన రైతు పేరు రాయాలా, అంకె రాయాలా? పేరు రాస్తే నీళ్లు తగ్గినవాడికి అప్పు పుట్టదని, ఆ పొలానికి కౌలుకు ఎవరూ రారని ఒకాయన చెప్పాడు. నేను ఎప్పుడూ ఆలోచించని సంగతి అది. పేరు రాయకపోతే ఎవరి లెక్కో తెలియని అంకె ఎవరికీ పట్టదు. నీ పని చోట ఈ చిక్కు ఎలా విప్పారు?

మూడు. వరి వదిలే ఇరవై ఎకరాలు ఎవరివి? ఆ ముప్పై ఎకరాల వరి వేసేవాళ్లలో నలుగురికి సొంత బోర్లు ఉన్నాయి, ఒక్కొక్కరికి ఐదెకరాలు. మరో పదిమంది కౌలుకు చేస్తున్నారు, పంట ఏదో నిర్ణయించేది వాళ్లు కాదు. భూమి యజమాని పట్నంలో ఉంటాడు, సభకు రాడు. లెక్క నేర్చుకున్నవాడి చేతిలో నిర్ణయం లేకపోతే ఆ లెక్క ఎందుకు? దీనికి నా గణితంలో సూత్రం లేదు.

నాలుగు. మూడో ఏడాది ఎవరు కొలుస్తారు? పక్క మండలంలో వెలిసిపోయిన గోడను చూశాను. మొదటి వర్షాకాలం ఉత్సాహం ఉంటుంది. రెండో ఏడాది వాన బాగా పడితే ఎవరికీ పట్టదు. పిల్లలు పదో తరగతి అయ్యాక వెళ్లిపోతారు. నువ్వూ అలాగే వెళ్లావు, దానికి నేను బాధపడను. కానీ కొలత ఒకరి మీద ఆధారపడకుండా, ఊరి దినచర్యలో ఎక్కడ కడితే నిలుస్తుంది? పాలకేంద్రం దగ్గర ఉదయం అందరూ వస్తారు. డ్వాక్రా సంఘం నెలకు రెండుసార్లు కూర్చుంటుంది. నాకు ఆడవాళ్ల సంఘమే నయమనిపిస్తుంది, నీళ్లు రాని రోజు మొదట తెలిసేది వాళ్లకే. నువ్వేమంటావు?

నువ్వు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి రాగలిగితే చాలు. మధ్యలో అంకెలు ఫోనులో పంపుతాం. కొలతలో తేడా కనిపిస్తే నువ్వు ‘తప్పు’ అని రాయవద్దు, ‘ఎలా కొలిచారు?’ అని అడుగు. ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఇది ఒక్కటే, నేర్పింది నువ్వే. ఇట్లు, మీ సారు.”

ఉత్తరం ఇంతే. ఇప్పుడు మీ మాట కావాలి. కింద పదిహేను గీతలు గీసి పెట్టాను. బోరు కొలవనిస్తామన్నవాళ్లు సంతకం పెట్టండి. పేరు గోడ మీద రాయడానికి ఇష్టం లేనివాళ్లు సంతకం పక్కన సున్నా చుట్టండి, ఆ అమ్మాయి జవాబు వచ్చేదాకా మీది అంకెగానే ఉంటుంది. కౌలు చేస్తున్నవాళ్లు కూడా పెట్టండి, యజమాని సంతకం కోసం ఆగవద్దు, ఆయనతో నేను మాట్లాడతాను.

మూడో వరుసలో పెద్దాయన లేచి నిలబడ్డారు... ఏమండీ? తొట్టి ఇంకా ఉందా? పగుళ్లు బాగు చేయించారా? అయితే రేపు ఉదయం ఐదున్నరకు, కరెంటు రాకముందే, మొదట మీ బోరు దగ్గరికే వస్తాం. తీగ నేను తెస్తాను. గడియారం మీరు పట్టుకోండి.